రెన్యువల్ ఫైలు మీద 'అన్నీ ఇచ్చేశాం' అని ఉంది, లోపల చూస్తే అలా లేదు

ప్రశ్న: ఒక సంస్థలో ఆఫీస్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరి రెండు నెలలైంది. మా షాపు లైసెన్స్ రెన్యువల్ ఫైలు నా చేతికి వచ్చింది. 64 కాగితాలున్నాయి, ఒక వరుస లేదు. ఏ డాక్యుమెంట్లు పెండింగ్‌లో ఉన్నాయి, ఫీజు ఎంత కట్టాం, తర్వాతి గడువులు ఎప్పుడు అనే మూడు విషయాలూ ఒక్క పేజీలో రాసిమ్మన్నారు మేనేజర్ గారు. ఇంతకుముందు ఈ పని చూసిన సీనియర్ వేరే బ్రాంచికి వెళ్లారు. ఫైలు పైన ఆమె రాసిన నోట్ ఉంది: 'అన్నీ ఇచ్చేశాం. ఫీజు 13,200 కట్టాం. లైసెన్స్ 31 మార్చి 2027 వరకు ఉంది.' కానీ కొత్త లైసెన్స్ కాగితం ఫైల్లో ఎక్కడా కనబడలేదు. నేను చేరిన కొత్తలో ఆమె నాకు ఎంతో సాయం చేశారు. నోట్ తప్పని రాస్తే ఆమె మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది. అదే నోట్ దించి ఇస్తే రేపు ఆ తప్పు నాదవుతుంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. ముఖ్యమైన కాగితాల ఫోటోలు పేర్లు కనబడకుండా పంపుతున్నాను. ఏం చేయమంటారు? (4 మే 2026)

సమాధానం: మీరు పంపిన ఫోటోలన్నీ రెండుసార్లు చూశాను. ఆ నోట్‌లోని మూడు వాక్యాల్లో దేనికీ ఫైల్లో పూర్తి ఆధారం లేదు. అయితే మూడూ ఒకే రకం పొరపాట్లు కావు. అవి ఎలా వచ్చాయో మీకు అర్థమైతే సీనియర్ గారి గురించిన బాధ కూడా చాలావరకు తగ్గుతుందనుకుంటున్నాను. అందుకే ముందు ఫైలు సంగతి చూసి, తర్వాత ఆవిడ విషయానికి వస్తాను.

ముందుగా ఆ నోట్ తీసి పక్కన పెట్టండి, చింపకండి. మీ పేజీ రాయడం పూర్తయ్యేదాకా దాన్ని చూడొద్దు. పాత సారాంశం ఎదురుగా ఉంటే మన కళ్లు దాన్ని సమర్థించే కాగితాల కోసమే వెతుకుతాయి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఫైలుకు అలాగే చేశాను. నాకంటే ముందాయన రాసిన గడువు తేదీని నేను దించుకున్నాను, నా నోట్ నుంచి ఇంకొకరు దించుకున్నారు. అసలు లైసెన్స్ తీసి చూసిన రోజున తేలింది, మొదటాయన దరఖాస్తు తేదీని గడువు తేదీ అనుకుని రాశారని. అప్పటికి మూడు నోట్లలో ఒకే తప్పు ఉంది. మూడుచోట్లా ఒకేలా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

64 కాగితాలనూ తేదీల వరుసలో పేర్చండి. పాతది అడుగున, కొత్తది పైన ఉండాలి. అడుగు నుంచి మొదలుపెట్టి ప్రతి కాగితం మూలన పెన్సిల్‌తో నంబరు వేయండి. ఇది గంట పని. మీ సారాంశంలో ప్రతి మాట పక్కనా ఈ పేజీ నంబరు ఉంటుంది. నంబరు రాయలేని మాట సారాంశంలోకి రాకూడదు, లేదా 'ఆధారం దొరకలేదు' అనే మాటతో రావాలి. మీ రక్షణ అంతా ఇందులోనే ఉంది.

ఇక ఫీజు. 6,000కు సంబంధించిన చెల్లింపు కాగితాలు మీ దగ్గర రెండున్నాయి. ఒకటి 11 మార్చిది, రెండోది 12 మార్చిది. మొదటిది ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు స్క్రీన్ మీద వచ్చిన పేజీ ప్రింటు. దాని మీద 'ప్రాసెసింగ్‌లో ఉంది' అని ఉంది కానీ రసీదు నంబరు లేదు. రెండోదాని మీద చెల్లింపు పూర్తయినట్టు ఉంది, లైసెన్స్ ఆఫీసు రసీదు నంబరు కూడా ఉంది. నోట్ రాసినప్పుడు రెండూ కలిపి 12,000 వేశారు. ఇప్పుడు ఫైల్లోనే ఉన్న మార్చి నెల బ్యాంక్ స్టేట్‌మెంట్ చూడండి. 11వ తేదీన ఒక 6,000 వెళ్లింది, 12న ఇంకో 6,000 వెళ్లింది, 14న 6,000 వెనక్కి వచ్చింది. అంటే మొదటి చెల్లింపు ఫెయిలై డబ్బు తిరిగొచ్చింది. నిజంగా చేరింది ఒక్క 6,000 మాత్రమే.

డబ్బు ఖాతాలోంచి వెళ్లినంత మాత్రాన ఫీజు కట్టినట్టు కాదు. అవతలి ఆఫీసు రసీదు ఇస్తేనే కట్టినట్టు. లైసెన్స్ ఫైళ్లలో నేను ఎక్కువసార్లు చూసిన పొరపాటు ఇదే. వెళ్లిన డబ్బు తిరిగొచ్చిన లైను స్టేట్‌మెంట్‌లో రెండు మూడు రోజుల తర్వాత ఉంటుంది కాబట్టి, చెల్లించిన రోజు లైను మాత్రమే చూసుకున్నవాళ్ల కంట పడదు.

మిగిలిన 1,200 ఆలస్య రుసుము. దాని విషయం వేరు. మీ అకౌంట్స్ వాళ్లు 10 ఏప్రిల్‌న రాసిన వోచరు ఉంది, రసీదు మాత్రం లేదు. బ్యాంక్ స్టేట్‌మెంట్ మార్చి 31తో ఆగిపోయింది. కాబట్టి కట్టారో లేదో ఈ ఫైలును బట్టి చెప్పలేం. వోచరు అంటే కట్టమని లోపల ఇచ్చిన అనుమతి, అంతే. ఏప్రిల్ స్టేట్‌మెంట్, రసీదు కాపీ ఇవ్వమని అకౌంట్స్ వాళ్లను అడగండి. అవి వచ్చేదాకా ఈ 1,200ను 6,000తో కలిపి 7,200 అని రాయకండి. రెండూ వేర్వేరు లైన్లుగానే ఉండాలి. ఒకసారి కలిపేస్తే అందులో ఎంతకు రసీదు ఉందో చదివేవారికి తెలిసే దారి లేదు.

ఈ ఆలస్య రుసుము అన్యాయంగా వేశారేమో అని మేనేజర్ గారు అడగవచ్చు. పాత లైసెన్స్ వెనక షరతుల్లో, గడువుకు కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయాలని ఉంది. గడువు 31 మార్చి 2026 కాబట్టి ఆఖరి రోజు 1 మార్చి. మీ దరఖాస్తు వెళ్లింది 12 మార్చిన. రుసుము సరిగ్గానే వేశారు, దాని మీద ఉత్తరాలు రాస్తూ రోజులు పోగొట్టుకోవద్దు.

డాక్యుమెంట్ల దగ్గర చాలామంది ఆఫీసు చెక్‌లిస్టు తీసుకుని మొదటి నుంచి టిక్కులు పెడతారు. మీరు అలా చేయకండి. దరఖాస్తు వెళ్లాక, లోపాలున్నాయని లైసెన్స్ ఆఫీసు 2 ఏప్రిల్‌న నోటీసు పంపింది కదా, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మిగతా డాక్యుమెంట్లు వాళ్లు చూసేశారు. ఇప్పుడు వాళ్ల ముందున్న ప్రశ్నలు మూడే: కొత్త కాలానికి సరిపడే అద్దె ఒప్పందం, గడువులో ఉన్న ఫైర్ సర్టిఫికెట్, సంతకంతో సిబ్బంది జాబితా. నోటీసులో ఆలస్య రుసుము కూడా ఉంది కానీ అది ఫీజు భాగంలోకి వెళ్లింది.

సిబ్బంది జాబితా, అద్దె ఒప్పందం 9 ఏప్రిల్ కవరింగ్ లెటర్‌తో వెళ్లాయి. మీ కాపీ మీద కాగితాలు అందినట్టు వాళ్లు వేసిన ఇన్‌వర్డ్ స్టాంపు, తేదీ స్పష్టంగా ఉన్నాయి. ఫైర్ సర్టిఫికెట్ పంపినట్టు 20 ఏప్రిల్ కవరింగ్ లెటర్ ఉంది కానీ దాని మీద స్టాంపు లేదు. స్టాంపు లేకపోతే అది మనం రాసుకున్న ఉత్తరం మాత్రమే. నిజంగా వెళ్లి ఉండవచ్చు, స్టాంపు పడిన కాపీ వేరేచోట ఉండవచ్చు, లేదా ఉత్తరం టైపు చేసి ప్రింటు తీశాక ఎవరో దాన్ని పట్టుకెళ్లడం మరిచిపోయి ఉండవచ్చు. కాగితం చూసి వీటిలో ఏది నిజమో చెప్పలేం. అందుకే మీ పేజీలో 'ఇచ్చాం', 'ఇవ్వలేదు' అనే రెండు మాటలే ఉంటే చాలదు. 'ఇచ్చాం, స్టాంపు ఉంది' అని ఒకటి, 'ఇచ్చామంటున్నాం, రుజువు లేదు' అని ఇంకొకటి, 'ఇవ్వలేదు' అని మూడోది పెట్టుకోండి.

నిజానికి నాలుగోది కూడా ఉంది, మీ ఫైల్లో అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది అదే. అద్దె ఒప్పందం ఇచ్చారు, స్టాంపూ ఉంది. కానీ ఆ ఒప్పందం 30 సెప్టెంబర్ 2026తో ముగుస్తుంది. మీరు అడిగింది 31 మార్చి 2027 వరకు లైసెన్స్. నోటీసులో 'కొత్త కాలానికి సరిపడే' అని వాళ్లు ప్రత్యేకంగా రాశారు. ఆరు నెలలు తక్కువైన కాగితాన్ని వాళ్లు ఒప్పుకోవచ్చు, లైసెన్స్ కాలాన్ని తగ్గించవచ్చు, మళ్లీ నోటీసు పంపవచ్చు. 'ఇచ్చాం కానీ సరిపోకపోవచ్చు' అని మీరు రాయాలి. ఇక్కడ మీ సంస్థకు రెండు దారులున్నాయి. నోటీసు వస్తుందేమో చూద్దామని ఊరుకుంటే ఇప్పుడు పని తగ్గుతుంది కానీ వచ్చిన రోజున యజమాని సంతకం కోసం పరుగెత్తాలి, ఈలోగా ఫైలు వాళ్ల దగ్గర అడుగుకు వెళ్లిపోతుంది. లేకపోతే ఒప్పందం పొడిగిస్తున్నట్టు భవన యజమాని దగ్గర ఇప్పుడే పత్రం రాయించుకుని మీరే ముందుగా ఇవ్వవచ్చు. అయితే పొడిగింపు అడగగానే అద్దె పెంపు మాట రావచ్చు, అది మేనేజర్ గారు తేల్చుకోవాల్సిన విషయం. మీ పేజీలో ఆ తేదీల తేడా చూపిస్తే చాలు, నిర్ణయం ఆయనకు వదిలేయండి.

గడువుల సంగతి. 31 మార్చి 2027 అనేది ఏ కాగితం మీదా అచ్చయి లేదు. పాత గడువుకు ఏడాది కలిపితే వచ్చిన తేదీ అది. కొన్నిచోట్ల కొత్త కాలాన్ని పాత గడువు మర్నాటి నుంచి లెక్కిస్తారు, కొన్నిచోట్ల మంజూరు చేసిన రోజు నుంచి లెక్కిస్తారు. లైసెన్స్ చేతికి వచ్చి, దాని మీదున్న తేదీ చదివేదాకా మీరు ఊహించి రాయకూడదు. మీ దగ్గర అచ్చులో ఉన్న గడువు 31 మార్చి 2026, అది దాటిపోయింది. రెన్యువల్ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నప్పుడు షాపు నడుపుకోవచ్చా అనేది మీ లైసెన్స్ షరతుల్లో గానీ దరఖాస్తు అక్నాలెడ్జ్‌మెంట్ మీద గానీ రాసి ఉంటుంది. మీరు పంపిన ఫోటోల్లో ఆ భాగం లేదు. మేనేజర్ గారు మొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది కాబట్టి పేజీ ఇచ్చే ముందు ఆ వాక్యం వెతికి పెట్టుకోండి. ఎక్కడా దొరకకపోతే 'ఆఫీసును రాతపూర్వకంగా అడగాలి' అని రాయండి.

ఫైర్ సర్టిఫికెట్ మీద గడువు 05/06/2026 అని ఉంది. ఇది జూన్ 5వ తేదీనా, మే 6వ తేదీనా? మే 6 అయితే మీకు రెండు రోజులే ఉంది. ఇలాంటప్పుడు అదే కాగితం మీద 12 కంటే పెద్ద అంకె ఉన్న తేదీ కోసం చూడాలి. తనిఖీ చేసిన తేదీ 28/05/2025 అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. 28వ నెల లేదు కాబట్టి వాళ్లు రోజు ముందు, నెల తర్వాత రాస్తున్నారు. జారీ చేసింది 06/06/2025న, కాలం ఒక ఏడాది. అంటే గడువు జూన్ 5. మీ సారాంశంలో మాత్రం నెలను అక్షరాల్లోనే రాయండి, చదివేవారికి ఈ అనుమానం రాకుండా.

మీ ఉత్తరం రాసిన రోజు నుంచి లెక్కిస్తే జూన్ 5కి 32 రోజులు. ఏప్రిల్ 20న ఇచ్చినా ఇవ్వకపోయినా, లైసెన్స్ ఆఫీసు ఆ సర్టిఫికెట్‌ను జూన్ రెండో వారంలో చూస్తే గడువు తీరిన కాగితం కింద వెనక్కి పంపవచ్చు. ఫైల్లో అన్నిటికంటే ముందు కదిలించాల్సింది ఇదే. నోట్‌లో దీని ప్రస్తావనే లేదు.

గడువులను ఎక్సెల్‌లో పెట్టుకుంటానంటే మంచిదే, చిన్న పట్టిక చాలు. B2 గడిలో గడువు తేదీ ఉంటే ఈ మూడు ఫార్ములాలు సరిపోతాయి:

```
=B2-TODAY()
=B2-30
=ISNUMBER(B2)
```

మొదటిది ఇంకా ఎన్ని రోజులుందో చెబుతుంది, అది తేదీలా కనబడితే గడి ఫార్మాట్ జనరల్‌కు మార్చండి. రెండోది మీ షరతు ప్రకారం లైసెన్స్ దరఖాస్తుకు ఆఖరి రోజు, అది అంకెలా కనబడితే గడి ఫార్మాట్ తేదీకి మార్చండి. మూడోది తప్పకుండా పెట్టుకోండి. తేదీ అనుకుని మీరు టైపు చేసింది ఎక్సెల్‌కు మామూలు అక్షరాల్లా అనిపిస్తే అక్కడ FALSE వస్తుంది, అప్పుడు మిగతా లెక్కలను నమ్మకూడదు. దగ్గరి గడువు పైన ఉండేలా వరుస పెట్టుకోండి.

ఇక సీనియర్ గారి విషయం. ఇప్పుడు మీకే కనబడుతోంది కదా, ఆమె రాసినవి అబద్ధాలు కావు. రెండు కాగితాలు చూసి రెండు చెల్లింపులనుకున్నారు. వోచరు చూసి కట్టేశారనుకున్నారు. రావాల్సిన తేదీని వచ్చినట్టే రాశారు. పని వదిలి వెళ్లే హడావుడిలో ఎవరికైనా జరిగేదే. మీ ముందు మూడు దారులున్నాయి.

ఆమెకు ఫోన్ చేయడం ఒకటి. 'మీ నోట్ తప్పండీ' అని కాకుండా, రెండే ప్రశ్నలు అడగండి: 'ఏప్రిల్ 20 ఉత్తరం స్టాంపు పడిన కాపీ మీ దగ్గరేమైనా ఉండిపోయిందా మేడం? 1,200 రసీదు మీ మెయిల్‌కు వచ్చిందా?' ఆన్‌లైన్ రసీదులు తరచుగా దరఖాస్తు చేసినవారి మెయిల్‌కే వెళ్తాయి, కాబట్టి ఇది మర్యాద కోసం చేసే ఫోన్ మాత్రమే కాదు, నిజంగానే కాగితాలు దొరకవచ్చు. ఇబ్బందల్లా ఆలస్యమే. ఆమె 'చూసి చెబుతాను' అంటే ఎంతకాలం ఆగాలో ముందే అనుకోండి. ఒక రోజు చాలు.

రెండో దారి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మీ పేజీ పైన '4 మే 2026 నాటికి ఫైల్లో ఉన్న కాగితాల ప్రకారం' అని రాసి ఇచ్చేయడం. పాత నోట్ గురించి ఒక్క మాటా ఉండదు. ఎవరి మీదా ఫిర్యాదు కాదు, మీరు చూసినదే చెప్పారు. కానీ మేనేజర్ గారు ఆ నోట్ చదివే ఉంటారు. '13,200 ఎలా 6,000 అయింది?' అని నలుగురిలో అడిగితే ఆ సమాధానం సీనియర్ గారికి ముందుగా తెలియకుండానే బయటపడుతుంది. ఆమెకు అది మీ ఫోన్ కంటే ఎక్కువ కష్టంగా ఉంటుంది.

మూడోది, నేరుగా మేనేజర్ గారితో మాట్లాడి తేడాలన్నీ నోటితో చెప్పి, తర్వాత పేజీ ఇవ్వడం. పాత నోట్‌ను నమ్మి ఎవరైనా ఇప్పటికే ఎక్కడైనా 'లైసెన్స్ 2027 వరకు ఉంది' అని రాసిచ్చారేమో కనుక్కోండి. ఆడిటర్‌కో ఇన్సూరెన్స్ వాళ్లకో ఆ మాట వెళ్లి ఉంటే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఈ దారే పట్టాలి. అలా వెళ్లకపోతే నేనైతే మొదటిది, ఆ మర్నాడు రెండోది ఎంచుకుంటాను. మేనేజర్ గారి స్వభావం మీకు తెలుసు, నాకు తెలియదు. కాబట్టి తుది మాట మీదే.

పేజీ ఎంత చిన్నగా ఉండాలో తెలియడానికి మీ ఫైలుకే రాసి చూపిస్తున్నాను. పేజీ నంబర్లు మీరు వేసుకున్నాక ఖాళీలు నింపండి.

4 మే 2026 నాటికి ఫైల్లో ఉన్న కాగితాల ప్రకారం.

పెండింగ్: ఫైర్ సర్టిఫికెట్ 20 ఏప్రిల్‌న పంపినట్టు ఉత్తరం ఉంది, స్టాంపు లేదు (పేజీ __). అద్దె ఒప్పందం 9 ఏప్రిల్‌న అందింది, స్టాంపు ఉంది, కానీ 30 సెప్టెంబర్ 2026 వరకే ఉంది, సరిపోకపోవచ్చు (పేజీ __). సిబ్బంది జాబితా 9 ఏప్రిల్‌న అందింది, స్టాంపు ఉంది (పేజీ __). కొత్త లైసెన్స్ కాగితం ఫైల్లో లేదు.

ఫీజు: రెన్యువల్ ఫీజు 6,000, రసీదు ఉంది, 12 మార్చి (పేజీ __). 11 మార్చి నాటి 6,000 ఫెయిలై 14 మార్చిన తిరిగొచ్చింది (పేజీ __). ఆలస్య రుసుము 1,200, వోచరు ఉంది, రసీదు లేదు, అకౌంట్స్‌ను అడిగాం (పేజీ __).

గడువులు: లైసెన్స్ 31 మార్చి 2026, దాటింది, రెన్యువల్ దరఖాస్తు 12 మార్చిన ఇచ్చాం (పేజీ __). ఫైర్ సర్టిఫికెట్ 5 జూన్ 2026 (పేజీ __). అద్దె ఒప్పందం 30 సెప్టెంబర్ 2026 (పేజీ __). లైసెన్స్ కొత్త గడువు కాగితం వచ్చాక రాస్తాం.

దీని కింద మీ సంతకం, తేదీ పెట్టండి. పాత నోట్‌ను ఫైల్లోనే దాని తేదీ వరుసలో, మిగతా కాగితాల్లాగే నంబరు వేసి ఉంచండి. పేజీ ఇచ్చిన రోజే ఫైర్ సర్టిఫికెట్ రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టడానికి అనుమతి అడగండి. దాని కోసం తనిఖీకి ఎవరైనా రావాల్సి ఉంటే ఆ 32 రోజుల్లో కొన్ని అందుకే పోతాయి.